మూడింటిలో రెండే మిగిలినప్పుడు: ఓపెన్ డెల్టా కనెక్షన్ గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ ప్రాంతాల్లోని ప్రెస్సులకూ చిన్న వర్క్‌షాపులకూ ట్రాన్స్‌ఫార్మర్ బ్యాంకులు బిగించే పనిలో నేను చాలా ఏళ్ళుగా ఉన్నాను. బ్యాంకులో ఒక ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయిన ప్రతిసారీ తెలుగులోనూ ఒడియాలోనూ అవే సందేహాలు నా దగ్గరకు వస్తూ ఉండడం వల్ల వాటిని ఒకచోట రాసి పెట్టాను. అన్ని జవాబులకూ ఒకే ఉదాహరణ తీసుకున్నాను. జపాన్ నుంచి సెకండ్‌హ్యాండ్‌లో వచ్చిన ఆఫ్‌సెట్ ప్రింటింగ్ మెషీన్లు చాలావరకు 200 వోల్టుల త్రీఫేజ్ సప్లై మీద నడుస్తాయి. మన లైను 415 వోల్టులు కాబట్టి, 415/200 వోల్టుల సింగిల్‌ఫేజ్ ట్రాన్స్‌ఫార్మర్లను 10 కె.వి.ఎ. చొప్పున మూడు తీసుకుని, రెండు వైపులా డెల్టాగా, అంటే త్రిభుజంలా కలిపి 30 కె.వి.ఎ. బ్యాంకు కడతారు.

## ఒకటి కాలిపోయిన రోజున

మూడింటిలో ఒకటి పోయింది. మిగిలిన రెండింటితో త్రీఫేజ్ ఎలా వస్తుంది? ఒక ఫేజ్ తగ్గిపోవాలి కదా?

తగ్గదు. త్రీఫేజ్‌లో మూడు లైన్ వోల్టేజీలు ఉన్నా, వాటిలో స్వతంత్రమైనవి రెండే. ఆర్, వై, బీ అనే మూడు లైన్లలో ఆర్-వై మధ్య ఒక ట్రాన్స్‌ఫార్మర్, వై-బీ మధ్య ఇంకొక ట్రాన్స్‌ఫార్మర్ తమ తమ 200 వోల్టులను సరైన కోణంలో నిలబెడితే, బీ-ఆర్ మధ్య ఎంత వోల్టేజీ ఉండాలో ఆ రెండే నిర్ణయించేస్తాయి. బీ నుంచి వైకి, వై నుంచి ఆర్‌కి నడిచి వస్తే కలిసే మొత్తమే బీ-ఆర్ వోల్టేజీ. 120 డిగ్రీల తేడాతో ఉన్న రెండు 200 వోల్టులను కలిపి గుర్తు మారిస్తే, మళ్ళీ 200 వోల్టులే, మూడో స్థానానికి తగిన కోణంలోనే వస్తాయి. త్రిభుజానికి మూడు మూలలూ ఉన్నాయి, ఒక భుజం మాత్రం గీయలేదు. అందుకే దీన్ని ఓపెన్ డెల్టా అంటారు, ఆకారాన్ని బట్టి వీ కనెక్షన్ అని కూడా అంటారు. 11 కె.వి. మీటరింగ్‌లో రెండే పొటెన్షియల్ ట్రాన్స్‌ఫార్మర్లతో మూడు వోల్టేజీలను కొలిచే పద్ధతి కూడా ఇదే.

మాది ఒకే ట్యాంకులో ఉన్న త్రీఫేజ్ ట్రాన్స్‌ఫార్మర్. ఒక కాయిల్ కాలిపోతే దాన్ని కూడా ఇలా నడపవచ్చా?

నడపవద్దని చెబుతాను. మూడు లింబుల కోర్‌లో పాడైన కాయిల్‌ను వైర్ల నుంచి విడదీసినా, ఆ లింబులో ఫ్లక్స్ ఆగదు. మిగిలిన రెండు లింబుల ఫ్లక్సులు తిరిగి వెళ్ళే దారి అదే కాబట్టి, ఫ్లక్స్ పూర్తిస్థాయిలోనే ఉంటుంది. కాలిన కాయిల్‌లో నాలుగు చుట్లు ఒకదానికొకటి అతుక్కుపోయి ఉంటే, ఆ చుట్లలో కరెంటు పుడుతూనే ఉంటుంది, వేడెక్కుతూనే ఉంటుంది. విడివిడి కోర్‌లున్న మూడు సింగిల్‌ఫేజ్ ట్రాన్స్‌ఫార్మర్ల బ్యాంకుకు ఈ చిక్కు లేదు.

కాలినదాని సెకండరీ వైర్లు మాత్రం తీసేసి, ప్రైమరీ అలాగే ఉంచితే సరిపోదా?

సరిపోదు. ప్రైమరీకి 415 వోల్టులు అందుతున్నంతకాలం ఆ ట్రాన్స్‌ఫార్మర్ కోర్‌లో ఫ్లక్స్ ఉంటుంది, షార్టయిన చుట్లు లోపలే కరెంటు లాగుతాయి. రెండు వైపులా నాలుగు వైర్లూ తీసి, కొనలకు టేపు చుట్టి, ఆ ట్రాన్స్‌ఫార్మర్‌ను ఫ్రేమ్ నుంచి బయట పెట్టడమే మంచిది. తీసే ముందు ప్రతి వైరు ఏ లైనుకు వెళుతుందో, ఏ టెర్మినల్ నుంచి వచ్చిందో కాగితపు ముక్క మీద రాసి వైరుకే కట్టండి. రీవైండింగ్ అయి వచ్చాక దాన్ని తిరిగి కలిపే వ్యక్తి మీరే కాకపోవచ్చు.

గాలివానకు లైనులో ఒక ఫేజ్ పోయింది. ఓపెన్ డెల్టా పెడితే మిగిలిన రెండు ఫేజులతో మోటారు తిరుగుతుందా?

తిరగదు. ఓపెన్ డెల్టాలో ట్రాన్స్‌ఫార్మర్లు రెండే అయినా, లోపలికి మూడు లైన్లూ రావాలి. ఆర్-వై మధ్య ఒకటి, వై-బీ మధ్య ఒకటి కలిసి ఉంటాయి. ఏ ఒక్క లైను లేకపోయినా త్రీఫేజ్ పుట్టదు. ట్రాన్స్‌ఫార్మర్ లోటును ఈ కనెక్షన్ కప్పిపుచ్చగలదు కానీ, లైను లోటును కప్పిపుచ్చలేదు.

## యాభై ఎనిమిది శాతం లెక్క

మూడింటిలో రెండు మిగిలాయంటే 67 శాతం రావాలి. 58 శాతమే వస్తుందని ఎందుకంటారు?

ఈ ప్రశ్నను అన్నింటికంటే ఎక్కువమంది అడిగారు, కాబట్టి నిదానంగా చెబుతాను.

ట్రాన్స్‌ఫార్మర్ హద్దును నిర్ణయించేది దాని కాయిల్‌లోని ఆంపియర్లు. 10 కె.వి.ఎ., 200 వోల్టుల కాయిల్ 50 ఆంపియర్లు మోయగలదు. ఆ 50కి మించి వెళితే రాగి వేడెక్కి ఇన్సులేషన్ దెబ్బ తింటుంది. బ్యాంకు మొత్తం మీద ఏ కనెక్షన్‌లో ఉన్నా ఈ 50 ఆంపియర్ల హద్దు మారదు.

ఇప్పుడు పూర్తి డెల్టాను చూడండి. త్రిభుజపు ప్రతి మూలలో రెండు కాయిల్స్ కలుస్తాయి, అక్కడి నుంచే లైను బయటికి వెళుతుంది. అంటే ఆర్ లైనులోని కరెంటును ఆర్-వై కాయిల్, బీ-ఆర్ కాయిల్ అనే ఇద్దరు కలిసి ఇస్తున్నారు. ఇద్దరూ తలా 50 ఆంపియర్లు ఇచ్చినా లైనులో 100 రావు, ఎందుకంటే రెండింటి గరిష్ఠాలు ఒకే క్షణంలో రావు. కోణాల తేడాతో కలిసి 86.6 ఆంపియర్లు వస్తాయి, అంటే 50కి √3 రెట్లు. పూర్తి బ్యాంకు సామర్థ్యం √3 × 200 × 86.6, అంటే 30,000 వి.ఎ.

బీ-ఆర్ ట్రాన్స్‌ఫార్మర్‌ను తీసేశాం. ఆర్ మూలలో ఇప్పుడు ఒక్క కాయిలే మిగిలింది. ఆర్ లైనులో ఎన్ని ఆంపియర్లు పారితే, అన్ని ఆంపియర్లూ ఆర్-వై కాయిల్ గుండానే రావాలి, పంచుకునే తోడు లేదు. బీ మూలలోనూ అంతే. కాయిల్ హద్దు 50 కాబట్టి, లైను హద్దు కూడా 50కే దిగిపోతుంది.

```
√3 × 200 × 50   = 17,320 VA
17,320 / 30,000 = 0.577
```

అంటే 57.7 శాతం, దాన్నే మనం 58 అంటున్నాం. ట్రాన్స్‌ఫార్మర్ల సంఖ్య మూడింట ఒక వంతు తగ్గితే, లైనులో పారగలిగే కరెంటు అంతకంటే ఎక్కువగా, 86.6 నుంచి 50కి తగ్గింది. 67 శాతం అని లెక్క కట్టేవారు ట్రాన్స్‌ఫార్మర్లను లెక్కపెడుతున్నారు. ఇక్కడ లెక్క పెట్టవలసింది లైను హద్దును.

రెండు ట్రాన్స్‌ఫార్మర్లూ తలా 50 ఆంపియర్లు మోస్తున్నాయి. 200 వోల్టులతో గుణిస్తే 20 కె.వి.ఎ. కదా! 17.3 మాత్రమే ఎందుకు వస్తుంది, మిగిలిన 2.7 ఎక్కడికి పోయింది?

ఎక్కడికీ పోలేదు, పనిలోకి రాలేదు. కాయిల్‌లో పారేది ఇప్పుడు లైను కరెంటే. లైను కరెంటుకూ ఆ కాయిల్ వోల్టేజీకీ మధ్య, లోడు ఎంత మంచిదైనా, 30 డిగ్రీల తేడా ఉంటుంది. పవర్ ఫ్యాక్టర్ సరిగ్గా 1 ఉన్న హీటర్ లోడును ఊహించుకోండి. పూర్తి డెల్టాలో ప్రతి కాయిల్‌లోనూ వోల్టేజీ, కరెంటు ఒకే అడుగులో నడుస్తాయి. ఓపెన్ డెల్టాలో అయితే ఒక కాయిల్‌లో కరెంటు 30 డిగ్రీలు వెనకబడుతుంది, రెండో దానిలో 30 డిగ్రీలు ముందుకు వెళుతుంది. 30 డిగ్రీల కొసైన్ 0.866 కాబట్టి, ఒక్కొక్కటి 10 కె.వి.ఎ. మోస్తూ 8.66 కిలోవాట్లే ఇస్తుంది. రెండూ కలిపి 17.32. రెండింటి సొంత సామర్థ్యంలో 86.6 శాతమే ఉపయోగపడుతుందని చెప్పేది దీనినే.

పుస్తకాల్లో ఒకచోట 86.6, ఇంకొకచోట 57.7 చూసి ఏది తప్పని అడుగుతారు. రెండూ సరైనవే. మొదటిది మిగిలిన రెండు ట్రాన్స్‌ఫార్మర్లతో పోల్చినది, రెండోది పాత మూడింటి బ్యాంకుతో పోల్చినది.

ఒకదాని మీద వాట్‌మీటర్ 3.9 కిలోవాట్లు, రెండో దాని మీద 9.9 చూపిస్తోంది. ఒకటి దాదాపు ఖాళీగా ఉందని, దాని మీద ఇంకొంచెం లోడు వేయవచ్చని మా వాళ్ళు అంటున్నారు. నిజమేనా?

కాదు, ఇది ప్రమాదకరమైన పొరపాటు. మెషీన్ పవర్ ఫ్యాక్టర్ 0.8 అయితే దాని కోణం దాదాపు 37 డిగ్రీలు. ఆ కోణానికి కనెక్షన్ తెచ్చే 30 డిగ్రీలు ఒక ట్రాన్స్‌ఫార్మర్‌లో కలుస్తాయి, రెండో దానిలో తీసివేతకు వస్తాయి. మొదటిది 67 డిగ్రీల దగ్గర, 0.39 పవర్ ఫ్యాక్టర్‌తో పనిచేస్తుంది. రెండోది 7 డిగ్రీల దగ్గర, 0.99తో పనిచేస్తుంది. కానీ క్లాంప్ మీటర్ పెడితే రెండింటిలోనూ 50 ఆంపియర్లే కనిపిస్తాయి. రాగిని వేడెక్కించేది ఆంపియర్లు కాబట్టి, 3.9 కిలోవాట్లు ఇస్తున్న ట్రాన్స్‌ఫార్మర్ కూడా పూర్తి లోడు మీదే ఉంది. పవర్ ఫ్యాక్టర్ 0.5కు పడిపోతే ఒకటి సున్నా కిలోవాట్లు చూపిస్తుంది, అయినా రెండో దానితో సమానంగా కాలుతూనే ఉంటుంది. ఓపెన్ డెల్టాలో వాట్‌మీటర్‌ను పక్కన పెట్టి క్లాంప్ మీటర్‌ను నమ్మండి.

## మెషీన్ నడుపుతున్నప్పుడు

మా లోడు 20 కె.వి.ఎ. మాత్రమే. 17.3కూ 20కీ పెద్ద తేడా లేదు. రీవైండింగ్ అయి వచ్చేదాకా నడిపేయవచ్చా?

పర్లాకిమిడిలో ఒక ప్రెస్సువారు పెళ్ళిళ్ళ సీజనులో సరిగ్గా ఇలాగే అనుకుని నడిపారు. శుభలేఖల పని ఆపలేని రోజులవి, వారి తొందర నాకు అర్థమైంది. 20 కె.వి.ఎ. లోడుకు 200 వోల్టుల దగ్గర లైను కరెంటు 57.7 ఆంపియర్లు. మూడు ట్రాన్స్‌ఫార్మర్లు ఉన్నప్పుడు ఈ లోడుకు ఒక్కో కాయిల్‌లో 33.3 ఆంపియర్లే పారేవి, చేయి పెడితే గోరువెచ్చగా ఉండేవి. రెండే మిగిలాక ఒక్కో కాయిల్‌లో 57.7 పారుతున్నాయి. కరెంటు √3 రెట్లయితే కాయిల్‌లో పుట్టే వేడి దాని వర్గం, అంటే మూడు రెట్లు అవుతుంది. పూర్తి లోడుకు తయారీదారు ఊహించిన వేడితో పోల్చినా ఇది 1.33 రెట్లు.

రెండో రోజు మధ్యాహ్నం వార్నిష్ కాలిన వాసన వచ్చిందని ఫోన్ చేశారు. నేను వెళ్ళేసరికి ట్రాన్స్‌ఫార్మర్ల వెనక గోడ మీద సున్నం గోధుమరంగుకు తిరిగి ఉంది, ఒక టెర్మినల్ దగ్గర స్లీవు మెత్తబడి వంగిపోయింది. బ్రేకర్ ట్రిప్ కాలేదెందుకని వారు అడిగారు. ఆ బ్రేకర్ మూడు ట్రాన్స్‌ఫార్మర్ల రోజుల్లో పెట్టినది, 80 ఆంపియర్ల దగ్గర సెట్ చేసి ఉంది. 57.7 ఆంపియర్లు దాని దృష్టిలో తేలికపాటి లోడు. లైనులో 80 అంటే అప్పట్లో కాయిల్‌లో 46. ఇప్పుడు లైనులో 80 అంటే కాయిల్‌లోనూ 80.

కాబట్టి ఓపెన్ డెల్టాకు మార్చిన రోజునే 200 వోల్టుల వైపు రక్షణను 50 ఆంపియర్లకు, 415 వోల్టుల వైపు రక్షణను 24 ఆంపియర్లకు దించాలి. చాలా రకాల ఎం.సి.సి.బి. బ్రేకర్లలో థర్మల్ సెట్టింగు 0.7 నుంచి 1 వరకే తిరుగుతుంది. 80 ఆంపియర్ల బ్రేకర్‌ను ఎంత తగ్గించినా 56 దగ్గర ఆగిపోతుంది, అది చాలదు. 63 ఆంపియర్ల రకం తెచ్చి 50 దగ్గర పెట్టాలి. ఆ ప్రెస్సులో అదే చేసి, యు.వి. డ్రయర్‌ను ఆపించి, లోడును 46 ఆంపియర్లకు దించాక మిగిలిన పని పూర్తయింది.

కెపాసిటర్ పెడితే ఓపెన్ డెల్టా మీద ఎక్కువ పని లాగవచ్చా?

లాగవచ్చు. నాకు తెలిసినంతలో ఇదే అన్నింటికన్నా మంచి ఉపాయం. హద్దు 17.3 కె.వి.ఎ. కదా, అందులో కిలోవాట్ల భాగాన్ని పెంచుకోవడం మన చేతిలో ఉంది. మెషీన్ 15 కిలోవాట్లు, పవర్ ఫ్యాక్టర్ 0.8 అనుకుందాం. అది 18.75 కె.వి.ఎ. అడుగుతుంది, హద్దు దాటింది. పవర్ ఫ్యాక్టర్‌ను 0.95కు తెస్తే అదే 15 కిలోవాట్లకు 15.8 కె.వి.ఎ. చాలు, హద్దు లోపలికి వచ్చింది. దీనికి దాదాపు 6.3 కె.వి.ఎ.ఆర్. కెపాసిటర్ కావాలి, దాన్ని 200 వోల్టుల వైపే కలపాలి. 415 వైపు కలిపితే లైను కరెంటు తగ్గుతుంది కానీ, ట్రాన్స్‌ఫార్మర్ కాయిల్‌లోని కరెంటు తగ్గదు.

బజారులో దొరికే 415 లేదా 440 వోల్టుల కెపాసిటర్‌ను 200 వోల్టుల మీద పెడితే, అది తన మీద రాసి ఉన్నంత పని చేయదు. వోల్టేజీ వర్గాన్ని బట్టి పనిచేస్తుంది కాబట్టి, 415 వోల్టుల కెపాసిటర్ 200 దగ్గర 23 శాతమే ఇస్తుంది. 6.3 రావాలంటే 27 కె.వి.ఎ.ఆర్. అని రాసి ఉన్నది కొనాలి. డబ్బాపై 6 అని చూసి తెచ్చి, ఏ తేడా లేదని నిరాశపడినవారిని చూశాను. ఇంకొక సంగతి: లోడు ఆగినప్పుడు కెపాసిటర్ కూడా ఆగేలా మెషీన్ కాంటాక్టర్ వెనకే దాన్ని కలపండి.

లోడు లేనప్పుడు మూడు వోల్టేజీలూ 200 ఉన్నాయి. మెషీన్ వేయగానే ఒకటి 187కి పడుతోంది. ట్రాన్స్‌ఫార్మర్ పాడైందా?

పాడవకపోవచ్చు, ఇది ఓపెన్ డెల్టా స్వభావం. రెండు లైన్ల జంటల మధ్య ఒక్కొక్క ట్రాన్స్‌ఫార్మర్ మాత్రమే ఉంది. ఖాళీగా ఉన్న మూడో జంట మధ్య కరెంటు వెళ్ళాలంటే రెండు ట్రాన్స్‌ఫార్మర్ల లోపలి ఇంపిడెన్సుల గుండా వెళ్ళాలి, కాబట్టి అక్కడ డ్రాప్ వేరుగా ఉంటుంది. నేమ్‌ప్లేట్ మీద ఇంపిడెన్సు 4 శాతం ఉన్న ట్రాన్స్‌ఫార్మర్లకు 50 ఆంపియర్లు, 0.8 పవర్ ఫ్యాక్టర్ దగ్గర లెక్క వేస్తే ట్రాన్స్‌ఫార్మర్లు ఉన్న జంటల మధ్య సుమారు 192, 194, ఖాళీ జంట మధ్య సుమారు 187 వోల్టులు వస్తాయి. సగటు 191 కాబట్టి, అసమతుల్యం రెండు శాతానికి కొంచెం పైనే.

మోటారుకు ఇది చిన్న విషయం కాదు. వోల్టేజీల్లో ఒక శాతం తేడా ఉంటే మోటారు కరెంటుల్లో దానికి ఆరు నుంచి పది రెట్ల తేడా కనిపించవచ్చు. మూడు లైన్ల కరెంటులూ విడివిడిగా కొలిచి, ఎక్కువ ఉన్న లైను మోటారు నేమ్‌ప్లేట్ మీద ఉన్న ఆంపియర్లను దాటకుండా చూసుకోవాలి. ఒక్క లైను కొలిచి సరేననుకోవడం చాలదు. అసమతుల్యం 5 శాతానికి చేరితే మోటారును నడపకూడదు, అప్పుడు తప్పు కనెక్షన్‌లోనో, వదులైన లగ్గులోనో ఉంది.

## కలిపేటప్పుడు, తిరిగి మూసేటప్పుడు

రెండు ట్రాన్స్‌ఫార్మర్లూ కలిపి ఆన్ చేస్తే రెండు చోట్ల 200, ఒకచోట 346 వోల్టులు వస్తున్నాయి. ఏమి జరిగింది?

ఒక ట్రాన్స్‌ఫార్మర్ సెకండరీ తిరగబడింది. రెండు 200 వోల్టులు 120 డిగ్రీల తేడాతో కలవవలసిన చోట 60 డిగ్రీల తేడాతో కలిశాయి, 200కి √3 రెట్లు 346 వచ్చింది. ఆఫ్ చేసి, ఏదో ఒక ట్రాన్స్‌ఫార్మర్ సెకండరీ వైర్లు రెండింటినీ అటుది ఇటు మార్చండి. తరువాత ఫేజ్ వరుసను కూడా చూసుకోవాలి, మెషీన్ రోలర్లు వెనక్కి తిరిగితే గేర్లు దెబ్బతింటాయి. మూడు జంటల మధ్య వోల్టేజీ కొలవకుండా మెషీన్ స్విచ్ వేయవద్దు, 200 వోల్టుల మోటారుకూ కంట్రోల్ బోర్డుకూ 346 తగిలితే క్షణాల్లో పోతాయి.

ఈ సప్లైలో న్యూట్రల్ దొరుకుతుందా? రెండు లైట్లు కూడా వేసుకోవాలి.

దొరకదు. డెల్టాకే న్యూట్రల్ లేదు, ఓపెన్ డెల్టాకు అసలే లేదు. లైట్లను అసలు 415 వోల్టుల లైనులోని న్యూట్రల్ మీదే వేసుకోండి.

మూడోది బాగై వచ్చింది. తిరిగి కలిపేటప్పుడు ఏమి చూడాలి?

ప్రైమరీని బీ-ఆర్ మధ్య కలపండి. సెకండరీలో ఒక కొనను దాని మూలకు బిగించి, రెండో కొనను బిగించకుండా వదిలేయండి. లోడు లేకుండా ఆన్ చేసి, ఆ వదిలేసిన కొనకూ అది చేరవలసిన మూలకూ మధ్య వోల్టేజీ కొలవండి. సున్నాకు దగ్గరగా, రెండు మూడు వోల్టులు ఉంటే సరైనది, ఆఫ్ చేసి మూసేయవచ్చు. 400 దగ్గర చూపిస్తే కొనలు తిరగబడ్డాయి, అలాగే మూస్తే షార్ట్ సర్క్యూట్‌తో సమానం. పదీ పదిహేను వోల్టులు చూపిస్తే రీవైండింగ్‌లో చుట్ల లెక్క తేడా వచ్చింది. అది చిన్నదిగా కనిపిస్తుంది కానీ, మూడు కాయిల్స్ ఇంపిడెన్సూ కలిపి అర ఓమ్‌కు మించదు కాబట్టి, 10 వోల్టులకే 20 ఆంపియర్లు లోడు లేకుండానే డెల్టాలో తిరుగుతాయి. అలాంటిదాన్ని తిరిగి షాపుకే పంపాలి. బరంపురం దాకా మళ్ళీ ఎవరు పోతారని ఒకసారి ఒకరు మూసేసుకున్నారు, మూడు ట్రాన్స్‌ఫార్మర్లూ రాత్రంతా ఖాళీగానే వేడెక్కాయి.

సరిగ్గా మూసుకున్నాక 50 ఆంపియర్లకు దించిన రక్షణను మళ్ళీ 80కి పెంచండి, 415 వోల్టుల వైపు 24ను 40కి పెంచండి. లోడు వేసి మూడు కాయిల్స్‌లోనూ క్లాంప్ మీటర్‌తో చూడండి. మూడూ దాదాపు సమానంగా, లైను కరెంటులో 58 శాతం చూపిస్తే బ్యాంకు పూర్తిగా తిరిగి వచ్చినట్టే.